ఖాళీ అన్నవాళ్లమీద మా అమ్మమ్మ యుద్ధం

మా అమ్మమ్మ విజయకుమారి రిటైరై చాలా ఏళ్లయినా, అమలాపురంలో ఆవిడ ఎదురుపడితే బండి ఆపి దిగే మగవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది గౌరవమని ఆవిడ అనుకుంటుంది. భయమని నాకు తెలుసు. రాజోలు వైపు హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా సోషల్ పాఠం చెప్పింది. ఆ రోజుల్లో బెంచీ ఎక్కి నిలబడ్డవాళ్లలో ఒకాయన ఇప్పుడు పెద్ద డాక్టరు. అమ్మమ్మకు బీపీ చూసేటప్పుడు ముందు ఆయన బీపీయే పెరుగుతుంది.

ఆవిడకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పెళ్లి పత్రికలో అచ్చుతప్పు చాలు. చర్చిలో ప్రకటనలు చదివే అబ్బాయి ‘ప్రార్థన’ను ‘ప్రార్ధన’ అని రాస్తే చాలు. ఇంటర్లో లెక్కలు తప్పి, గడియార స్తంభం దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసుకుంటున్న నన్ను చూసినా చాలు. “వీడికి ప్రయత్నాల లిమిట్ పెట్టనందుకు ఇంటర్ బోర్డుకి దణ్ణం పెట్టాలి” అంటుంది, ఎవరైనా వింటున్నప్పుడు మాత్రమే.

కానీ పోయిన వేసవిలో వచ్చిన కోపం వేరు. అది రోజూ పొద్దున్న లేచి, కాఫీ తాగి, మళ్లీ రాత్రి పడుకునేదాకా ఇంట్లో తిరిగింది. దానికి కారణం మా అక్క జాయ్.

అక్క బి.ఏ. అయిపోగానే సివిల్స్‌కు చదువుతానంది. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. అమ్మమ్మ అసలు అనలేదు. తను పాఠం చెప్పిన రాజ్యాంగాన్నీ, చరిత్రనూ అక్క సరదాకు చదువుకోవడం చిన్నప్పటినుంచీ చూసిన మనిషి. “చదవాల్సిందే. దాని బుర్ర అందుకే పుట్టింది” అంది. ఆ మాట వెనకే ఇంకో మాట కూడా అంది. “అయితే అది రాకపోతే ఏం చేస్తావో కూడా ఇవాళే చెప్పు.”

అక్క మొహం మాడ్చుకుంది. “మొదలుపెట్టకుండానే రాకపోతే అంటావేంటి అమ్మమ్మా?”

“మొదలుపెట్టకముందే అడగాలి. మొదలుపెట్టాక నీకు వినబడదు.”

అప్పుడు మా తాతయ్య సత్యానందం పేపరు దించారు. ఆయనకు పేపరే ప్రపంచం. ఇప్పటికీ సంపాదకీయం కింద ఎర్ర పెన్నుతో గీతలు గీస్తారు, రేపు ఎవరో వచ్చి ప్రశ్నలు అడుగుతారన్నట్టు. “అమ్మమ్మ మాట పట్టించుకోకమ్మా. ఆవిడ టీచరు. టీచర్లకి రిస్కంటే సుద్దముక్క విరగడం. ఇలాంటి పరీక్షకి మనసంతా ఒక్కచోటే ఉండాలి.”

అంతే. అమ్మమ్మ చేతిలో గరిటె ఉంది. అది ఎటు ఎగురుతుందోనని నేను గుమ్మం దాటేశాను.

తాతయ్య ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఎందుకంటే ఆయన కథ మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు, అమ్మమ్మ గొంతులో. మండలాలు కొత్తగా వచ్చిన రోజుల్లో తాతయ్య గ్రూప్-1 కోసం చదివేవారు. డిప్యూటీ కలెక్టరు అయి జీపులో రాజోలు రావాలని ఆయన కోరిక. మధ్యలో గ్రూప్-4 రాస్తే మామిడికుదురు మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటుగా పోస్టింగు వచ్చింది. చేరలేదు. గుమాస్తా కుర్చీలో కూర్చుంటే మనసు చెదురుతుందన్నారు. ఒక నోటిఫికేషన్ పోయింది. ఇంకోటి ఎన్నాళ్లకూ రాలేదు. వచ్చినది కోర్టుకెక్కింది. అది తేలేలోపు తాతయ్యకు వయసు దాటిపోయింది. తర్వాత ఇన్సూరెన్సు ఏజెంటుగా చేరి, ఊళ్లో సగంమందికి పాలసీలు కట్టించారు. ఆ అన్నేళ్లూ ఇల్లు నడిపింది సుద్దముక్క.

అందుకని ఆవిడ కోపానికి అర్థం ఉందని నేనే ఒప్పుకుంటాను. ఒప్పుకున్నానని ఆవిడకు చెప్పకండి.

ఇంతలో హైదరాబాదునుంచి ఒక కోచింగు అకాడమీవాళ్లు వచ్చి, మా ఊళ్లో ఫంక్షన్ హాలు తీసుకుని అవగాహన సదస్సు పెట్టారు. ప్రవేశం ఉచితం, సమోసా కూడా. గెలిచినవాళ్ల ఫొటోలు పెళ్లికి కట్టే పూలదండల్లా గోడంతా కట్టారు. అక్క ముందువరసలో, అమ్మమ్మ అక్క పక్కన, సమోసా కోసం వెళ్లిన నేను వెనక.

స్టేజీ మీద సారు మైకు పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ మాట్లాడాడు. చివరికి గొంతు పెంచి, “రెండో దారి చూసుకున్నవాడు ఈ పరీక్షలో గెలవడు! బీఎడ్‌లూ బ్యాంకులూ పక్కన పారెయ్యండి. ఈ ఏడాదే ఒక ట్రయల్ కొట్టేయండి, భయం పోతుంది” అన్నాడు. హాలంతా చప్పట్లు. అక్క కూడా కొట్టింది.

అమ్మమ్మ లేచింది. నేను సమోసా దించేశాను.

“ఏవండీ, చిన్న సందేహం. ట్రయల్ అన్నారు. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపరుకి కూర్చున్నా ఒక ప్రయత్నం పోయినట్టే కదండీ?”

“టెక్నికల్‌గా అంతే మేడమ్. కానీ...”

“మరి అది చెప్పరేం? పిల్లలకి లెక్కపెట్టి ఇచ్చిన ప్రయత్నాలవి. దరఖాస్తు పెట్టి వెళ్లకపోతే పోదు, వెళ్లి కూర్చుంటే పోతుంది. ఇంకోటండి. ప్రిలిమ్స్ దాటి, మెయిన్స్ దాటి, ఇంటర్వ్యూలో పోయినవాడు మళ్లీ ఏడు ఎక్కణ్ణించి మొదలెట్టాలి?”

“ప్రిలిమ్స్ నుంచే.”

“అంటే పాము నోట్లో పడి మొదటి గడికి. ఆయ్. గోడ మీద ఇంతమంది ఫొటోలు కట్టేరు, సంతోషం. మీ దగ్గర చదివి రానివాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారండీ? ఏం చేస్తున్నారు? ఒక్కళ్ల పేరు చెప్పండి.”

“నెగెటివ్‌గా ఆలోచించకూడదు మేడమ్.”

“ఆలోచించట్లేదండి. అడుగుతున్నాను.”

సారు నవ్వి, “సమయాభావం వల్ల” అన్నాడు. సమోసాలకు మాత్రం సమయం ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. లక్షలమంది రాస్తే వెయ్యి అటూఇటూగా తీసుకునే పరీక్ష గురించి మాట్లాడుతూ, మిగతావాళ్లంతా ఏమైపోయారని ఒక పెద్దావిడ అడిగితే, ఆవిడదే తప్పన్నట్టు చూస్తారా? ఆ ఫొటోల్లో లేనివాళ్లు కూడా అక్కడే ఫీజు కట్టి చదివినవాళ్లే కదా.

అక్కకు ఒళ్లు మండింది మాత్రం అమ్మమ్మ మీద. ఇంటికొచ్చాక బద్దలైంది. “ఊరందరి ముందూ పరువు తీసేవు. నేను హైదరాబాదు వెళ్లి చదువుకుంటాను. తాతయ్య పంపిస్తానన్నారు.”

“తాతయ్య నిన్నేం పంపిస్తాడు? ఆయన్నాయన మామిడికుదురు పంపించుకోలేకపోయాడు.”

తాతయ్య పేపరు పైకెత్తి మొహం దాచుకున్నారు.

అప్పణ్ణించి అక్క తన గదిలో, అమ్మమ్మ వంటింట్లో, మధ్యలో పనిచేసే పోస్టుమాను ఉద్యోగం నాది. “మీ అక్కని భోజనానికి రమ్మను.” “అమ్మమ్మకి ఆకల్లేదని చెప్పు.” “ఆకల్లేకపోతే పొద్దున్న పెసరట్లు ఎవరు తిన్నారో అడుగు.” ఇలా.

బయట ఇంకో బాధ. ఎవరు కనబడినా ఒకటే ప్రశ్న. “మీ జాయ్ ఏం చేస్తోందండీ?” సివిల్స్‌కు చదువుతోందని అమ్మమ్మ చెప్పేది. “ఓహో, అయితే ఖాళీయేనన్నమాట.” ఎదురింటి సుగుణ ఆంటీ అంది. పాలబూత్‌లో బంగారయ్య గారన్నారు. పెళ్లిభోజనాల దగ్గర ఎవరో ఇంకా ముందుకెళ్లి, “ఖాళీగా ఉన్నప్పుడే సంబంధాలు చూసేయాలండీ” అన్నారు.

నాకు తెలిసి అక్క తెల్లారకముందే లేచి చదువుతుంది. పడుకోబోయే ముందు కూడా పుస్తకమే. నేను షాపులో కుర్చీలో కునుకు తీస్తూ కూర్చుంటే మాత్రం, “కుర్రాడు కష్టపడుతున్నాడండీ” అంటారు ఇదే జనం. షట్టరు పైకెత్తి ఉంటే కష్టం, పుస్తకం తెరిచి ఉంటే ఖాళీ. ఇదేం న్యాయం?

అమ్మమ్మకు ఇక్కడే కోపం రెండు వైపులా కోసింది. అక్కతో దెబ్బలాడేది ఆవిడే. కానీ అక్కను బయటివాళ్లు ఖాళీ అంటే మాత్రం ఓర్చుకోలేదు. “ఖాళీ! ఖాళీగా ఉన్నది వాళ్ల బుర్ర!” అని గిన్నెలు తోమేది. తోమిన గిన్నెనే మళ్లీ తోమేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో అందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు. రమణబాబు గారు మా దగ్గరికి వచ్చారు. ఆయన బస్టాండు వైపు ట్యుటోరియల్ నడుపుతారు. సాయంత్రాలు పదో తరగతి పిల్లలూ, గ్రూప్స్ రాసేవాళ్లూ అక్కడ చదువుకుంటారు. నెమ్మదస్తుడు, నమస్కారం పెట్టకుండా మాట మొదలుపెట్టరు.

“వందనాలండీ టీచర్ గారూ. మీ జాయ్ ఖాళీయేనా అండీ?”

ఆయన దురదృష్టం. పొద్దున్నుంచీ అది నాలుగోసారి.

“ఖాళీయా? ఖాళీ అంటే ఏంటండీ రమణబాబు గారూ? చదువుకునే పిల్ల మీ కంటికి ఖాళీ డబ్బాలా కనబడుతోందా? మీరూ చదువు చెప్పుకు బతికేవారే కదా, మీకూ సిగ్గు లేదా? మీ ట్యుటోరియల్లో కూర్చుంటే చదువు, మా ఇంట్లో కూర్చుంటే ఖాళీయా?”

చెప్పులు వెతకడం అందరూ ఆపేశారు. పాస్టరు గారు బైబిలు చంకన పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. రమణబాబు గారి మొహం ఎర్రబడింది.

“అది కాదండీ... ఖాళీ మా దగ్గరుందండి.”

“ఏంటీ?”

“సోషల్ చెప్పే మేష్టారికి డీఎస్సీలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయేరండి. ఆ ఖాళీ ఉందండి. సాయంత్రాలు. జాయ్‌కి వీలవుద్దేమో అడుగుదామని వచ్చేను. తప్పయితే క్షమించండి.”

ఉద్యోగం లేని మనిషీ ఖాళీయే, మనిషి లేని ఉద్యోగమూ ఖాళీయే. ఒకే మాట రెండు చోట్లా పెట్టుకుని బతికే భాష మనది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి ఆ ఒక్క మాట దగ్గర పడిపోయింది. వెనకెవరో కిసుక్కుమన్నారు. నేను కాదు. నేనే అని అమ్మమ్మ ఇప్పటికీ అంటుంది.

మామూలు మనిషైతే క్షమాపణ చెప్పేది. “ఆ ముక్క ముందు చెప్పాలి కదండీ!” అని ఇంకోసారి కసిరి, గేటు దాటింది అమ్మమ్మ. రమణబాబు గారు నాకు నమస్కారం పెట్టి, “ఏం అనుకోవద్దని చెప్పండి బాబూ. వేరే ఎవరినైనా చూసుకుంటాను లెండి” అని వెళ్లిపోయారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నేనా కథ అక్కకు చెప్పాను, రమణబాబు గారి గొంతుతో సహా. అక్క చాలారోజుల తర్వాత నవ్వింది. నవ్వి, ఆగిపోయింది. “సాయంత్రాలేనా?” అంది.

“సాయంత్రాలేనట. అయినా నీకెందుకు? నువ్వు హైదరాబాదు వెళ్తున్నావుగా” అంది అమ్మమ్మ, చారు వడ్డిస్తూ. ఇన్నాళ్లకు నేరుగా మాట్లాడుకున్న మొదటి మాట అది.

“పాఠాలు చెప్పుకుంటూ కూర్చుంటే మనసు చెదురుతుంది కదా” అంది అక్క. అది అమ్మమ్మతో అన్న మాట కాదు. తాతయ్యవైపు చూస్తూ అంది. “అంతే కదా తాతయ్యా? మామిడికుదురులో చేరి ఉంటే మీ చదువు ఆగిపోయేది కదా?”

ఆ ఊరిపేరు మా ఇంట్లో అమ్మమ్మ తప్ప ఎవరూ ఎత్తరు. తాతయ్య ముద్ద కలుపుతూ ఉండిపోయారు. అమ్మమ్మ గరిటె పట్టుకుని నిలబడింది, కానీ ఏమీ అనలేదు. అదే నాకు వింతగా అనిపించింది. ఆయనే అన్నారు.

“ఆఫీసు సాయంత్రం అయిదుకి మూసేసేవారమ్మా.”

అక్క కంచం పక్కకు జరిపి ఆయనవైపు తిరిగింది.

“ఆ తర్వాత చదువుకోవచ్చు” అన్నారు మళ్లీ, ప్లేటు చూస్తూ. “చదువుకునేవాడు చదువుకుంటాడు. నాకు అప్పుడు... జీపు తప్ప ఏదీ కనబడలేదు. చేరితే ఓడిపోయినట్టని అనుకున్నాను. చేరకుండా ఇంట్లో ఉన్నాను, పగలంతా నాదే. పగలంతా నాదైనా ఎక్కువ చదివేనని మాత్రం చెప్పలేనమ్మా. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడ్డమే ఒక పనైపోయింది.”

ఆ ఒక్క మాటకోసం అమ్మమ్మ ఇన్నేళ్లు దెబ్బలాడింది. తీరా వచ్చాక ఏం చెయ్యాలో తెలియలేదు. ఆయనకు ఇంకో గరిటెడు చారు పోసింది. ఆయన అడగలేదు.

మర్నాడు అక్క ఒక్కతే రమణబాబు గారి దగ్గరికి వెళ్లింది. అమ్మమ్మ తరఫున క్షమాపణ చెప్పిందట. ఆయన “అయ్యో, ఆవిడ తిడితే ఆశీర్వాదమేనండి” అన్నారట. అబద్ధమాడినా మర్యాదగా ఆడతారు మావైపు. ఆ రోజే పదో తరగతి పిల్లల ముందు నిలబెట్టారు. ఇంటికొచ్చి, “రాజ్యసభని ఎందుకు రద్దు చెయ్యరని ఒకడడిగేడు అమ్మమ్మా. నాకు తెలుసు. తెలుసు కానీ వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి గంట పట్టింది” అంది. అమ్మమ్మ పొంగిపోయింది. పొంగిపోతే ఆవిడ చేసేది ఒకటే. “గంటా? నాకు అయిదు నిమిషాలు చాలు” అంది.

కానీ ట్యుటోరియల్ ఒక్కటే రెండో దారి కాదు. అది ఊరికే ఊతం. అది అక్కకే ముందు తోచింది. ఆ వారమంతా అమ్మమ్మా అక్కా డాబా మీద కూర్చుని వాదించుకున్నారు. సంతలో బేరం నయం, అక్కడ ఎవరో ఒకరు నడిచి వెళ్లిపోతారు.

బీఎడ్ చేరాలని ముందు తేలింది. ఎడ్‌సెట్ అక్క ఎప్పుడో రాసి పెట్టింది, ఎవరికీ చెప్పకుండా. ర్యాంకు కూడా వచ్చింది. “మరి ఆ రోజు హాల్లో చప్పట్లెందుకు కొట్టేవే?” అని అమ్మమ్మ తిట్టింది. “అందరూ కొట్టేరు” అంది అక్క. సోషల్ మెథడాలజీతో బీఎడ్, తర్వాత టెట్, డీఎస్సీ నోటిఫికేషన్ వస్తే స్కూల్ అసిస్టెంటు. అందులో చదివే చరిత్రా, ఆర్థికశాస్త్రమూ, రాజ్యాంగమూ సివిల్స్‌కూ పనికొచ్చేవే, మధ్యలో గ్రూప్-2 పడితే దానికీ పనికొచ్చేవే. ఒకటి చదివితే రెండోది మరిచిపోయే చదువులు కావు. బీఎడ్ అయ్యేదాకా ప్రిలిమ్స్ హాలు గుమ్మం తొక్కకూడదు. తయారు కాకుండా వెళ్లి ప్రయత్నం పారేసుకోకూడదు. పొద్దుటిపూట సివిల్స్, పగలు కాలేజీ, సాయంత్రం ట్యుటోరియల్. హైదరాబాదు సంగతి మెయిన్స్ దాకా వెళ్తే అప్పుడు చూడాలి.

ఇక్కడిదాకా బాగానే నడిచింది. ఎన్నిసార్లు రాయాలన్న దగ్గర ఆగింది.

“మన బీసీ-సీ వాళ్లకి తొమ్మిది ప్రయత్నాలిచ్చేరు” అంది అక్క. “ముప్పై అయిదేళ్లదాకా.”

“ఇచ్చేరని అన్నీ వాడేస్తావా? బఫేలో ప్లేటు నింపుకున్నట్టు?”

“అయిదు.”

“రెండు.”

“రెండుసార్లలో ఎవరికొస్తుందమ్మమ్మా?”

“తొమ్మిదిసార్లు రాసినా రానివాళ్లున్నారే. వాళ్ల ఫొటోలు కట్టరు కాబట్టి నీకు తెలీదు.”

తాతయ్య కింద మెట్ల దగ్గర నిలబడి వింటున్నారు. పైకి రాకుండానే, “మూడు” అన్నారు. ఇద్దరూ పిట్టగోడ మీంచి కిందికి వంగి చూశారు. “ఒకటి భయానికి, ఒకటి నేర్చుకోడానికి, ఒకటి గట్టిగా రాయడానికి. మూడోదానికి ప్రిలిమ్స్ దాటకపోతే ఆపెయ్యాలి. దాటితే అప్పుడు మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆపెయ్యడం ముందే అనుకోవాలమ్మా. అప్పుడనుకుంటే ఆపలేవు.”

అమ్మమ్మ ఆయన మాటకు ఎదురుచెప్పకపోవడం నేను చూసిన మొదటిసారి అది. అక్క ఒప్పుకుంది. ఒప్పుకుని, “నాదీ ఒక షరతుంది” అంది అమ్మమ్మతో.

“చెప్పు.”

“మూడుసార్లూ రాకపోయి, నేను స్కూల్లో సోషల్ చెప్పుకుంటుంటే, ‘నే ముందే చెప్పలేదూ’ అని నువ్వనకూడదు. నాతో కాదు, తాతయ్యతో కాదు, చర్చిలో కాదు, ఎక్కడా.”

మా అమ్మమ్మ జీవితంలో ఎన్నో వదులుకుంది. ప్రమోషన్లకు ఇల్లు వదిలి దూరపు ఊళ్లు వెళ్లలేదు, ఆమెకు ఇష్టమైన ఎమ్మే చదువు మధ్యలో ఆగిపోయింది, మంచి చీర కట్టుకుని ఎరగదు. వాటిగురించి ఒక్కనాడూ బాధపడగా చూడలేదు. ఆ సాయంత్రం మాత్రం కొబ్బరాకుల్లోకి చూస్తూ ఎంతసేపు ఆలోచించిందో. “నే ముందే చెప్పలేదూ” లేకుండా ఆవిడ ఎలా బతుకుతుందని నాకే దిగులేసింది.

“మనసులో అనుకోవచ్చా?” అంది చివరికి.

“గట్టిగా అనకూడదు.”

“వీడితో?” నన్ను చూపించింది.

“వీడితో కూడా.”

ఇంకాస్త ఆలోచించింది. కింద తాతయ్య ఇంకో మెట్టు పైకెక్కారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు దొరకనిది ఈ పిల్ల అడుగుతోంది.

“ఆయ్” అంది అమ్మమ్మ, పంతులమ్మకు పిల్లకాయ ‘అలాగేనండి’ అని చెప్పినట్టు. చెప్పి, కోపంగా చీర కొంగు దోపుకుని, వడియాలు ఎత్తడానికి లేచి వెళ్లిపోయింది.